43 విజిటింగ్ కార్డులు వచ్చాయి, ఒక్క ఆర్డరూ రాలేదు: విజయవాడ కొనుగోలుదారుల సమావేశంలో మా ఎఫ్‌పీవో అనుభవం

సత్తెనపల్లి సెక్రటరీ | ఫిబ్రవరి 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సత్తెనపల్లి వైపు ఒక ఎఫ్‌పీవో, అంటే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, వ్యవహారాలు చూస్తున్నాను. మా సభ్యులు 412 మంది. అందులో 60 మంది దాకా తేజ మిర్చి వేశారు. ఈ నెల మొదట్లో విజయవాడలో ఒక వాణిజ్య సంస్థ రెండు రోజులు కొనుగోలుదారులు, అమ్మకందారుల సమావేశం పెడితే మేమూ స్టాలు తీసుకున్నాం. స్టాలుకు 18,000, బ్యానర్లకు, రానుపోను ఖర్చులకు, ముగ్గురి బసకు కలిపి మరో 13,000 అయింది. 31,000 అంటే మా స్థాయికి చిన్న మొత్తం కాదు.

రెండు రోజులూ జనం బాగానే వచ్చారు. 43 కార్డులు చేతికొచ్చాయి. కారంపొడి కంపెనీల వాళ్ళు, ఎగుమతిదారులు, మిరప నూనె తీసే ఫ్యాక్టరీ మనిషి ఒకరు, హోటళ్ళకు సరుకు వేసేవాళ్ళు, అందరూ మాట్లాడారు. "మీ సరుకు బాగుంది, ఫోను చేస్తాం" అన్నారు. పది రోజులైంది. నేనే 20 మందికి ఫోను చేశాను. ఇద్దరు ఎత్తారు. ఒకాయన "రేటు వాట్సాప్‌లో పెట్టండి" అన్నారు. పెట్టాను. చూశారు, జవాబు లేదు.

మా బోర్డులో ఇప్పుడు గొడవ జరుగుతోంది. ఇంకెప్పుడూ ఇలాంటి వాటికి వెళ్ళొద్దని ఇద్దరు డైరెక్టర్లు అంటున్నారు. మా తప్పు ఎక్కడుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

---

యార్డు మనిషి | ఫిబ్రవరి 17, రాత్రి 10:15

తప్పు వెళ్ళడంలోనే ఉంది బాబూ. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, తోలితే మధ్యాహ్నానికి కాటా, సాయంత్రానికి పట్టీ. 35 ఏళ్ళుగా అలాగే అమ్ముతున్నాను. కోటు వేసుకున్నవాడు కార్డిచ్చాడంటే కొంటాడని కాదు, అతని దగ్గర కార్డులు ఎక్కువగా ఉన్నాయని అర్థం.

---

బెజవాడ మునగాకు | ఫిబ్రవరి 17, రాత్రి 10:52

సెక్రటరీ గారూ, నేను మునగాకు పొడి, పసుపు పొడి చేసి అమ్ముతాను. ఇప్పటికి నాలుగు ఎగ్జిబిషన్లలో కూర్చున్నాను. మీకు స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా? అది లేకపోతే మసాలా కంపెనీలు మీ దగ్గర కొనడానికి వీల్లేదు. అందుకే వాళ్ళు ఫోను ఎత్తడం లేదు. ముందు అది తీసుకోండి. రెండోది, మీ ప్యాకింగ్ ఎలా ఉంది? జిప్ పౌచ్ మీద మంచి లేబుల్ ఉంటే చూసేవాడి కన్ను అక్కడే ఆగుతుంది. నాకు ప్యాకింగ్ మార్చాకే అమ్మకాలు పెరిగాయి.

---

దుగ్గిరాల పసుపు | ఫిబ్రవరి 18, ఉదయం 6:30

మాదీ ఇదే బాధ. పోయిన ఏడాది హైదరాబాదు వెళ్ళాను. ఒక మందుల కంపెనీ ఆయన "కుర్కుమిన్ ఎంత" అని అడిగాడు. "బాగా ఉంటుందండీ" అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. అంత నవ్వాల్సిన మాట ఏమన్నానో ఇప్పటికీ తెలియదు. స్టాలు అద్దెలో ప్రభుత్వం కొంత వెనక్కి ఇస్తుందని విన్నాను, అది ఎక్కడ అడగాలో ఎవరైనా చెబుతారా?

---

పాత కొనుగోలుదారు | ఫిబ్రవరి 18, ఉదయం 11:20

సెక్రటరీ గారూ, నేను 22 ఏళ్ళు ఒక మసాలా ఫ్యాక్టరీలో కొనుగోలు విభాగంలో పనిచేసి, ఇప్పుడు గుంటూరులో విశ్రాంతిగా ఉన్నాను. ఇలాంటి సమావేశాల్లో మీ బల్లకు అవతలి వైపు తిరిగిన మనిషిని. జవాబు చెప్పే ముందు రెండు ప్రశ్నలు. మీ బల్ల మీద ఏమేం పెట్టారు? "సరుకు ఎంత ఉంది" అని అడిగినవాళ్ళకు ఏమని చెప్పారు?

మునగాకు గారి మాట ఒకటి సరిచేయాలి. స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు ధ్రువపత్రం మీ పేరుతో విదేశానికి పంపేటప్పుడు కావాలి. ఇక్కడి ఫ్యాక్టరీకో, ఇక్కడి ఎగుమతిదారుకో సరుకు అమ్మడానికి అది అడ్డు కాదు. ఆహార భద్రత లైసెన్సు, జీఎస్టీ నంబరు మాత్రం అడుగుతారు. అవి లేకపోతే అమ్మకందారుగా మీ పేరు వాళ్ళ కంప్యూటర్లోకే ఎక్కదు.

పసుపు గారూ, ఆయన మిమ్మల్ని చూసి నవ్వి ఉండడు. "మీ పొలం ఎన్ని ఎకరాలు" అని అడిగితే "బాగా ఉంటుంది" అన్నట్టు వినిపించి ఉంటుంది. మందుల కంపెనీ పసుపును కొనదు, పసుపులో ఉన్న కుర్కుమిన్‌ను కొంటుంది. దాని శాతం రాసిన ల్యాబ్ కాగితం మీ దగ్గర లేకపోతే అక్కడ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

---

సత్తెనపల్లి సెక్రటరీ | ఫిబ్రవరి 18, మధ్యాహ్నం 1:05

బల్ల మీద 100 గ్రాముల కారంపొడి ప్యాకెట్లు, పండుమిర్చి పచ్చడి సీసాలు, ఒక గాజు గిన్నెలో మా దగ్గరున్న వాటిలో మంచి కాయలు పెట్టాం. వెనక గోడకు సభ్యుల ఫోటోలు, కలెక్టరు గారు వచ్చినప్పటి ఫోటో. సరుకు ఎంత ఉందంటే "ఎంత కావాలన్నా ఇస్తాం" అని చెప్పాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జీఎస్టీ రెండూ ఉన్నాయి.

---

పాత కొనుగోలుదారు | ఫిబ్రవరి 18, సాయంత్రం 4:45

మీ రెండు జవాబుల్లోనే ఉంది విషయమంతా. కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

పచ్చడి సీసాలు, పొడి ప్యాకెట్లు చూడగానే కొనుగోలు మనిషి మిమ్మల్ని చిల్లర సరుకు అమ్మేవాళ్ళ గంపలో వేస్తాడు. కారంపొడి కంపెనీ మనిషికైతే మీరు చిన్న పోటీదారులా కూడా కనిపిస్తారు. మర్యాదకు కార్డిచ్చి పక్క స్టాలుకు వెళ్తాడు. "ఎంత కావాలన్నా ఇస్తాం" అనే మాట అతని చెవికి "మా దగ్గర ఎంత ఉందో మాకే తెలియదు" అని వినిపిస్తుంది. "మొదటి కోత తేజ 9 టన్నులు, ఫలానా గోదాములో, తొడిమతో, 225 టిక్కీలు" అంటే అతను కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

ఇక గాజు గిన్నెలోని మంచి కాయలు. అందరూ చేసే తప్పే అది. నాకు కావలసింది మీ ఊళ్ళో అందమైన కాయ కాదు, లారీలో రాబోయే కాయ. ఏరిన కాయలను చూస్తే "లారీలో ఇవి రావు" అని మాకు తెలిసిపోతుంది. అందుకే నేను గిన్నెలో పైకాయలు పట్టించుకోకుండా చెయ్యి అడుగుదాకా పెట్టేవాణ్ణి. తాలు కాయ ఒక్కటీ లేని గిన్నె కనబడితే ఆ స్టాలులో ఇంకేమీ అడిగేవాణ్ణి కాదు.

అందరు కొనుగోలుదారులూ ఒకటి కాదు. మిరప నూనె, రంగు తీసే ఫ్యాక్టరీకి కాయ అందంతో పని లేదు. వాళ్ళు ఘాటును, రంగును ల్యాబ్‌లో కొలిచి డబ్బిస్తారు. తేజలో ఘాటు ఎక్కువ కాబట్టి దాన్ని వెతుక్కుంటూ వస్తారు. విరిగిన కాయలు ఉన్నా సర్దుకుంటారు. కాయ రూపంలో విదేశాలకు పంపేవాడికి తొడిమ, పొడవు, మెరుపు, విరిగిన కాయలు ఎన్ని అన్నవి ముఖ్యం. పొడి కంపెనీకి రంగు కావాలి, అందుకే తేజలో బ్యాడిగి రకం కలుపుకుంటుంది. ఈ ముగ్గురికీ ఒకే గిన్నె చూపించి ఒకే రేటు చెప్పారంటే ముగ్గురికీ పనికిరాని మాట చెప్పినట్టే.

మీ దగ్గరున్న 43 కార్డుల్లో తేజను నిజంగా వాడేవాళ్ళు ఎందరున్నారో ఒక కాగితం మీద రాయండి. ఆరు దాటితే ఆశ్చర్యపోతాను. మిగతావాళ్ళకు ఫోను చేసి లాభం లేదు.

---

సత్తెనపల్లి సెక్రటరీ | ఫిబ్రవరి 18, రాత్రి 8:30

కూర్చుని రాశాను. ఐదుగురే తేలారు. అందులో ఒకాయన ప్రకాశం బ్యారేజీ దాటి మా ఊరి దాకా వస్తానన్నారు, నేనే "తరువాత చెబుతాను" అన్నాను.

---

క్రోసూరు ఎఫ్‌పీవో | ఫిబ్రవరి 19, ఉదయం 7:10

సెక్రటరీ అన్నా, ఆర్డరు రాలేదని మీరు బాధపడుతున్నారు. మాకు వచ్చింది, అదే పెద్ద బాధైంది. ఎవరికైనా ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

రెండేళ్ళ క్రితం ఇలాంటి సమావేశంలోనే ఒక ప్రాసెసింగ్ కంపెనీ పరిచయమైంది. అరకిలో నమూనా పంపమన్నారు. మా అధ్యక్షుడి కల్లం నుంచే పంపాం. ఆయన టార్పాలిన్ పట్టాల మీద ఆరబోస్తారు, రాత్రి మంచు పడకుండా కప్పుతారు. నమూనా నచ్చింది, 9 టన్నులు పంపమన్నారు. 31 మంది రైతుల దగ్గర పోగుచేసి 225 టిక్కీలు లారీకెత్తాం.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అడ్డదిడ్డంగా 15 టిక్కీలు దించి కడ్డీతో పొడిచి కాయలు తీశారు. తేమ మీటరు పెడితే కొన్నిటిలో 10, కొన్నిటిలో 14 వచ్చింది. ఒప్పందం 11. లారీ మొత్తం నిలిపేశారు. క్వింటాకు 900 తగ్గిస్తే దించుకుంటాం, లేకపోతే తీసుకుపొమ్మన్నారు. వెనక్కి తేవడానికి కిరాయి, మళ్ళీ హమాలీ, ఈలోగా యార్డు ధర ఏమవుతుందో తెలియదు. ఒప్పుకున్నాం. 90 క్వింటాళ్ళకు 81,000 పోయింది.

తరువాత తెలిసిందేమిటంటే, నలుగురు రైతులు టిక్కీల్లో కుక్కి తొక్కే ముందు కాయల మీద నీళ్ళు చల్లారు. మోసం చేద్దామని కాదు, ఎండిన కాయ తొక్కితే విరుగుతుందని అలవాటుగా చల్లారు. ఆ నలుగురి టిక్కీల వల్ల మిగతా 27 మందికీ కోత పడింది. ఆ డబ్బు ఎవరి ఖాతాలో రాయాలన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ 27 మందిలో 19 మంది మరుసటి ఏడాది మాకు సరుకు ఇవ్వలేదు.

---

యార్డు మనిషి | ఫిబ్రవరి 19, ఉదయం 8:00

నీళ్ళు చల్లకుండా ఎలా తొక్కుతారయ్యా? సగం విత్తనం నేల మీదే ఉంటుంది. ఫ్యాక్టరీవాళ్ళు పుస్తకం చదివి చెబుతారు.

---

పాత కొనుగోలుదారు | ఫిబ్రవరి 19, ఉదయం 10:35

యార్డు మనిషి గారి ప్రశ్న సబబైనదే. నడి మధ్యాహ్నం తొక్కితే విరగక తప్పదు. తెల్లవారుజామున గాలిలోని చెమ్మకే కాయ కొంచెం మెత్తబడి ఉంటుంది, ఆ రెండు మూడు గంటల్లో తొక్కేవాళ్ళను మా సరఫరాదారుల్లో చూశాను. కూలీలు ఆ వేళకు రావడమే కష్టం, అది నిజమే. కానీ నీళ్ళు చల్లి బిగించిన టిక్కీ లోపల ఏమవుతుందో కూడా చెప్పాలి.

తేమతో పాటు వెచ్చదనం దొరికితే కాయ లోపల బూజు పడుతుంది. పైకి ఎర్రగానే ఉంటుంది. చీల్చి చూస్తే విత్తనాల చుట్టూ బూడిదరంగు నూగు కనబడుతుంది. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషం తయారుచేస్తాయి. వేడికి పోదు, కడిగినా పోదు. ఐరోపా దేశాలకు వెళ్ళే మిరపలో కిలోకు మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అందులో బీ1 రకం 5 దాటకూడదు. మన దేశపు పరిమితి మొత్తం 30. అంటే ఇక్కడ పాసైన సరుకు అక్కడ తిరస్కరణకు గురికావచ్చు. ఎగుమతిదారు మీ దగ్గర అంత పట్టుగా ఉండడానికి కారణం ఇదే. ఓడరేవులో కంటైనరు ఆగిపోతే అతనికి పోయేది మీ 81,000 లాంటి మొత్తం కాదు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఈ విషం లారీ అంతటా సమానంగా ఉండదు. రెండు మూడు టిక్కీల్లో, ఆ టిక్కీల్లోనూ కొన్ని కాయల్లో గుమిగూడి ఉంటుంది. అందుకే అరకిలో నమూనా పరీక్షలో "లేదు" అని వచ్చినా నమ్మకం లేదు. 225 టిక్కీలుంటే వర్గమూలం లెక్కన 15 టిక్కీల నుంచి తీసే పద్ధతి మామూలు నాణ్యతకు సరిపోతుంది, విషానికి సరిపోదు. నేనైతే పంపే ముందు ప్రతి టిక్కీ నుంచీ గుప్పెడు తీసి, కుప్ప పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ రెండు కిలోలకు తగ్గించమంటాను. దాన్ని మూడు సంచుల్లో సీలు వేయాలి. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి కొనుగోలుదారుకు, ఒకటి మీ దగ్గర. రేపు గేటు దగ్గర తగాదా వస్తే మీ వైపు మాట్లాడేది ఆ మూడో సంచే. క్రోసూరు వారి దగ్గర అది లేదు, అందుకే 900 అనగానే తలవంచారు.

స్పైసెస్ బోర్డుకు గుంటూరులోనే నాణ్యతా పరీక్షల ల్యాబ్ ఉంది. కొందరు హైదరాబాదు దాకా పంపుతున్నారు, ఎందుకో నాకు అర్థం కాదు.

---

బెజవాడ మునగాకు | ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 12:20

రిజిస్ట్రేషన్ విషయంలో నా మాట తప్పు, సరిచేసినందుకు ధన్యవాదాలు. కానీ క్రోసూరు వారు 900 కోతకు ఒప్పుకోకుండా ఉండాల్సింది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం ఉంది కదా? ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే కంపెనీలు మన డబ్బు ఆపలేవు, ఆలస్యమైతే వాళ్ళకు ఆదాయపు పన్నులోనూ దెబ్బ పడుతుంది.

---

లెక్కల చిట్టా | ఫిబ్రవరి 19, రాత్రి 7:50

ఎఫ్‌పీవోల పద్దులు చూస్తుంటాను కాబట్టి జోక్యం చేసుకుంటున్నాను. మునగాకు గారు చెప్పిన 45 రోజుల నియమం ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45, లేకపోతే 15 రోజులు. కానీ అది తయారీ, సేవల సంస్థలకు. మీరు మునగాకు ఎండబెట్టి పొడి చేస్తారు కాబట్టి మీకు వర్తిస్తుంది. రైతుల దగ్గర కాయ కొని అదే కాయ అమ్మే ఎఫ్‌పీవో వ్యాపారి కిందకు వస్తుంది. వ్యాపారులకు ఉద్యం నమోదు బ్యాంకు రుణాల కోసమే, ఈ నియమం కోసం కాదు. తొడిమ తీయించి గ్రేడింగ్ చేస్తే తయారీ అవుతుందా అంటే, నా ఉద్దేశంలో వాదించవచ్చు, గెలుస్తామని చెప్పలేను. అదీ కాక క్రోసూరు వారిది ఆలస్యం తగాదా కాదు, నాణ్యత తగాదా. దానికి ఈ చట్టం పనికిరాదు.

ఇక నేరుగా అమ్మితే రైతుకు ఎంత మిగులుతుందో ఎవరూ లెక్క వేయరు. పోయిన ఏడాది నేను చూసిన ఒక పద్దు చెబుతాను, క్వింటాకు. ఆ రోజు యార్డులో ఆ సరుకు ధర 12,600. ఏజెంటు కమీషన్ 2 శాతం అంటే 252, రవాణా, హమాలీ కలిపి 180. రైతు చేతికి 12,168. అదే సరుకుకు ఫ్యాక్టరీ తన గేటు దగ్గర ఇస్తానన్నది 13,300. చూడగానే 1,100 పైగా లాభం అనిపిస్తుంది. అందులోంచి ఊళ్ళో పోగుచేయడానికి, హమాలీకి 110, ఫ్యాక్టరీ దాకా లారీ 260, మార్కెట్ సెస్సు 126, ల్యాబ్ పరీక్షలు 9,000 అయితే 90 క్వింటాళ్ళ మీద 100, దారిలో, గోదాములో తేమ తగ్గి పోయే బరువు 126, ఫ్యాక్టరీ 30 రోజులకు ఇచ్చే డబ్బును రైతుకు ముందే ఇవ్వడానికి తెచ్చిన అప్పు వడ్డీ 126. మొత్తం 848. మిగిలింది 12,452. రైతుకు అదనంగా వచ్చింది 284.

ఆ 284లోంచే ఎఫ్‌పీవో ఆఫీసు నడవాలి. 900 కోత పడిన లారీ ఒక్కటి మంచి లారీలు మూడింటి లాభాన్ని మింగేస్తుంది.

ఇంకొక దెబ్బ చాలామందికి అనుభవమయ్యాకే తెలుస్తుంది. ఎండుమిర్చి మీద జీఎస్టీ 5 శాతం. 90 క్వింటాళ్ళు 13,300 చొప్పున 11,97,000, దాని మీద పన్ను 59,850. ఫ్యాక్టరీ మీకు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా మరుసటి నెల 20వ తేదీకి మీరు రిటర్ను వేసి అది కట్టాలి. నెలాఖరులో బిల్లు వేసే ముందు తేదీ ఒకసారి చూసుకోండి.

---

యార్డు మనిషి | ఫిబ్రవరి 19, రాత్రి 8:25

284 కోసం ఇంత తంటానా! మా ఏజెంటు జూన్‌లో నారు పోసేటప్పుడు రెండు లక్షలిస్తాడు. మీ ఫ్యాక్టరీ ఇస్తుందా? నేను సరుకు వేరేచోట అమ్ముతానంటే ముందు ఆ రెండు లక్షలు బల్ల మీద పెట్టాలి. ఈ మాట మీలో ఒక్కరూ అనలేదు.

---

క్రోసూరు ఎఫ్‌పీవో | ఫిబ్రవరి 19, రాత్రి 9:00

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా 31 మందిలో ఏజెంటు అప్పు లేనివాళ్ళు పదిమంది కూడా ఉండరు. మిగతావాళ్ళు మాకు ఇచ్చింది తమ సరుకులో కొంతే. మంచి కోత యార్డుకు, మిగిలింది మాకు. నమూనాకు, లారీకి తేడా అక్కడ కూడా వచ్చింది, ఇది ముందు పోస్టులో రాయడానికి మొహమాటపడ్డాను.

---

పాత కొనుగోలుదారు | ఫిబ్రవరి 20, ఉదయం 9:15

చిట్టా గారి లెక్క, పెద్దాయన మాట రెండూ నాకు సమ్మతమే. ధర కోసం మాత్రమే ఎగ్జిబిషన్‌కు వెళ్తే యార్డే మేలు. ఎక్కువ మంది కొనేవాళ్ళు ఒకచోట ఉండే యార్డుతో ధరలో పోటీ పడటం కష్టం. అయితే యార్డు ఇవ్వలేనిది ఒకటుంది. ఏ టిక్కీ ఏ పొలం నుంచి వచ్చింది, దాని మీద ఏ మందు ఎప్పుడు కొట్టారు అన్నది యార్డులో ఎవరికీ తెలియదు. పురుగుమందుల అవశేషాలంటే భయపడే ఎగుమతిదారుకు కావలసింది అదే. దానికి అతను యార్డు ధర మీద అదనం ఇస్తాడు.

కానీ అలాంటి సరుకు ఫిబ్రవరిలో దొరకదు సెక్రటరీ గారూ. ఫిబ్రవరికి కొట్టాల్సిన మందులన్నీ కొట్టేసి ఉంటారు. వాడకూడని మందు ఒక్కసారి పడినా పరీక్షలో దొరుకుతుంది, ఆ తరువాత ఎంత ఎండబెట్టినా లాభం లేదు. అందుకే నేను పనిచేసిన చోట నారు పోయకముందే, జూన్, జూలైలో ఊళ్ళకు వచ్చి రైతులతో మాట్లాడుకునేవాళ్ళం. ఏ మందులు వాడకూడదో జాబితా ఇచ్చేవాళ్ళం. ధరను అంకెగా కాకుండా, సరుకు ఇచ్చే రోజు యార్డు ధర మీద ఇంత అదనం అని రాసుకునేవాళ్ళం. ధర స్థిరంగా రాసుకుంటే పెరిగినప్పుడు రైతు పారిపోతాడు, తగ్గినప్పుడు కంపెనీ సాకులు వెతుకుతుంది. 2025లో ధర పడిపోయి కేంద్రం క్వింటాకు 11,781 కనీస ధర ప్రకటించాల్సి వచ్చింది గుర్తుందా, అలాంటి ఏడాదిలో స్థిర ధర ఒప్పందం ఎవరు నిలబెట్టుకుంటారు?

కాబట్టి ఈ సమావేశానికి ఆర్డరు కోసం కాక, కొనుగోలుదారు నాణ్యత కాగితం కోసం వెళ్ళాలి. "మీకు ఏ పరీక్షల్లో ఎంత రావాలి, ఆ కాగితం ఇవ్వగలరా" అని అడగండి. నిజంగా కొనేవాడు ఇస్తాడు. ఇవ్వనివాడి కార్డు చింపేయవచ్చు. నిర్వాహక సంస్థకు వారం ముందే ఫోను చేసి వచ్చే కొనుగోలుదారుల జాబితా అడిగి, ముగ్గురితో సమయం తీసుకుంటే స్టాలు లేకుండానే పని జరుగుతుంది. అద్దె 18,000 మిగిలితే తేమ మీటరు వస్తుంది.

పెద్దాయన అడిగిన రెండు లక్షల ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా కంపెనీ విత్తనం, మందులు అప్పుగా ఇచ్చేది, పిల్ల పెళ్ళికి ఇచ్చేది కాదు. ఏజెంటు ఇస్తాడు.

---

దుగ్గిరాల పసుపు | ఫిబ్రవరి 20, ఉదయం 10:05

స్టాలు అద్దె వెనక్కి వచ్చే సంగతి ఎవరూ చెప్పలేదు.

---

లెక్కల చిట్టా | ఫిబ్రవరి 20, ఉదయం 10:40

కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ మార్కెటింగ్ సహాయ పథకం ఒకటుంది, ఉద్యం నమోదు కావాలి. మీరు పసుపు కొమ్ములు అమ్ముతారా, పొడి చేస్తారా? దాన్నిబట్టి ఉంటుంది. ఆ శాఖ కార్యాలయంలో ఎగ్జిబిషన్‌కు వెళ్ళకముందే అడగండి. వెళ్ళొచ్చాక బిల్లులు పట్టుకెళ్తే చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగి రావాల్సి వస్తుంది.

---

సత్తెనపల్లి సెక్రటరీ | మార్చి 12, రాత్రి 9:20

ఆలస్యానికి క్షమించండి. కోతల హడావిడి. జరిగింది చెబుతాను.

60 మందిని కాక 19 మందినే తీసుకున్నాం. ఏజెంటు అప్పు లేనివాళ్ళు, పట్టాల మీద ఆరబెట్టేవాళ్ళు. రెండో కోత సరుకు 4 టన్నులు తేలింది, 100 టిక్కీలు. ప్రతి టిక్కీ మీద రైతు నంబరు రాయించాం. దీంతో ఒక మేలు వెంటనే కనిపించింది. తేమ మీటరు అరువు తెచ్చి చూస్తే 7వ నంబరు రైతు టిక్కీలు ఆరూ 13 చూపించాయి, మిగతావన్నీ 10, 11 మధ్య ఉన్నాయి. ఆయనను పిలిస్తే మొదట ఒప్పుకోలేదు. టిక్కీ విప్పి కాయ చెవి దగ్గర ఊపి చూపించాను. మిగతావాళ్ళ కాయలో విత్తనం గలగలమంది, ఆయన కాయలో చప్పుడే లేదు. ఆయనే నవ్వేసి ఆరు టిక్కీలూ మళ్ళీ కల్లంలో పోసుకున్నారు.

ఐదుగురికి రాశాను. నాణ్యత కాగితం ఇద్దరు పంపారు. ఒకరు మిరప నూనె వాళ్ళు, ఘాటు మీద ధర అంటున్నారు. రెండోవారు ఎగుమతిదారు, ప్రతి రైతు ఏ మందు ఏ తేదీన కొట్టాడో పుస్తకం అడిగారు. 19 మందిలో 11 మంది దగ్గరే ఏదో ఒక రాత ఉంది. మిగతా ఎనిమిది మందికి మందుల దుకాణం బిల్లులు చూసి ఇప్పుడు రాసివ్వవచ్చా?

---

పాత కొనుగోలుదారు | మార్చి 13, ఉదయం 8:10

వద్దు. ఆ ఎనిమిది మంది టిక్కీలు విడిగా పెట్టి, 11 మందివే ఎగుమతిదారుకు చూపించండి. ఎంత బరువైతే అంతే చెప్పండి. తరువాత రాసిన పుస్తకం ఒకే కలంతో, ఒకే దస్తూరీతో ఉంటుంది, నేనైతే మొదటి పేజీలోనే పట్టుకునేవాణ్ణి. పరీక్షలో పుస్తకంలో లేని మందు ఒకటి బయటపడితే మీ ఊరి పేరు పోతుంది. ఆ ఎనిమిది మందివి నూనె ఫ్యాక్టరీకి నప్పవచ్చు, వాళ్ళ కాగితంలో అవశేషాల గడి ఎంత కఠినంగా ఉందో చూసి చెప్పండి.

---

సత్తెనపల్లి సెక్రటరీ | మార్చి 13, ఉదయం 8:55

చూశాను, వాళ్ళదీ ఉంది, కానీ జాబితా చిన్నది. 11 మందివి కలిపితే 58 టిక్కీలు, అంటే 23 క్వింటాళ్ళ పైచిలుకు. ఇంత తక్కువకు ఎగుమతిదారు లారీ పంపుతాడా?

---

యార్డు మనిషి | మార్చి 13, ఉదయం 9:30

పంపకపోతే యార్డుకు తోలు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, అది చూసుకో. ఆ 7వ నంబరు ఆయన కాయ మాత్రం ఇంకో రెండు ఎండలు చూడనివ్వు.

---

క్రోసూరు ఎఫ్‌పీవో | మార్చి 13, ఉదయం 11:00

అన్నా, మా దగ్గర మందుల పుస్తకం ఉన్నవాళ్ళు ఆరుగురున్నారు, 40 టిక్కీల దాకా తేజ ఉంది. ఆ ఎగుమతిదారు రెండు ఎఫ్‌పీవోల సరుకు ఒకే లారీలో, విడివిడి లాట్లుగా తీసుకుంటాడేమో అడిగి చూస్తారా? మీ మీటరు ఇంకా మీ దగ్గరే ఉంటే ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాను.